అప్‌డేట్: స్పానిష్‌లో హోటల్ రిసెప్షన్ ఇంటర్వ్యూ అయింది

నేను అడిగింది: "స్పెయిన్‌లోని మాలగాలో హోటల్ రిసెప్షనిస్ట్ ఇంటర్వ్యూ, మొత్తం స్పానిష్‌లోనే. ఏం అడుగుతారు, ఎలా చెప్పాలి?"

ఇంటర్వ్యూ అయింది. పరిచయం, షిఫ్టుల సంగతి త్వరగానే తేలిపోయాయి. రాత్రి డ్యూటీకి వస్తారా అంటే "సీ, తెంగొ దిస్పొనిబిలిదాద్ కొంప్లేతా" (అవును, ఏ షిఫ్టుకైనా వస్తాను) అన్నాను.

అసలు టెన్షన్ ఓవర్‌బుకింగ్ దగ్గర. మేనేజర్ అడిగింది ఇది:

"కే ఆరీయా సి ఉన్ క్లియెంతె యేగా కొన్ రెసెర్వా ఇ ఎల్ ఓతెల్ ఎస్తా కొంప్లేతొ?" (రిజర్వేషన్‌తో గెస్ట్ వచ్చాడు, గదులన్నీ నిండిపోయాయి, ఏం చేస్తారు?)

నా జవాబు: "ప్రిమేరొ లే పెదిరీయా దిస్కుల్పాస్. లుయేగొ లే బుస్కారీయా ఉనా అబితసియోన్ ఎన్ ఒత్రొ ఓతెల్ సెర్కానొ, దె లా మిస్మా కతెగొరీయా." (ముందు క్షమాపణ చెప్తాను. తర్వాత దగ్గర్లో అదే స్థాయి హోటల్లో గది చూస్తాను.)

వెంటనే "ఇ ఎల్ తాక్సి, కియెన్ లో పాగా?" (టాక్సీ డబ్బులెవరివి?) అంది. "ఎల్ ఓతెల్. పెరొ ఆంతెస్ అవిసారీయా అ మి హెఫె" (హోటల్‌వే, కానీ ముందు మా బాస్‌కి చెప్తాను) అన్నాను. అప్పుడే ఆమె ఏదో రాసుకుంది. సొంతంగా డబ్బు మాట ఇచ్చేయకూడదన్నది అక్కడి పరీక్ష.

ప్రశ్న "ఆరీయా" అని, అంటే "అలా జరిగితే ఏం చేస్తారు" అన్నట్టు వస్తే మన క్రియ కూడా "రీయా"తోనే ముగియాలి. గెస్ట్‌ని ఎప్పుడూ "ఉస్తెద్", అంటే "మీరు" అనే పిలవాలి, కుర్రాడైనా సరే.

చివర్లో కోపంగా ఉన్న గెస్ట్‌లా ఆమే నటించింది. మధ్యలో అడ్డు రాకుండా విని, "లో సియెంతొ ముచొ, సెన్యోరా", అంటే "చాలా సారీ, మేడమ్" అన్నాను. వచ్చే వారం ట్రయల్ షిఫ్టుకి రమ్మన్నారు.