బల్ల సమయానికి లేచి బయటికి వెళ్ళిపోయేవారికి వాక్యం ఎలా చెప్పాలి?

కల్వకుర్తి పరిచారకుడు:
అందరికీ ప్రభువు పేరట వందనాలు. కల్వకుర్తి దగ్గర ఒక పల్లె సంఘంలో మూడేళ్ళుగా వాక్యం చెబుతున్నాను. మా దగ్గర ప్రతి నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. బాప్తిస్మం పొందినవారు నలభై మంది దాకా ఉన్నారు. పాటలకు, ప్రార్థనకు, వాక్యానికి అందరూ కూర్చుంటారు కానీ, రొట్టె పళ్ళెం మీది తెల్లగుడ్డ తీయగానే పదిమందికి పైగా లేచి, చెప్పులు వెతుక్కుని వేపచెట్టు కిందికి వెళ్ళిపోతారు. ఎందుకని అడిగితే "అది మాలాంటి వాళ్ళకు కాదు అయ్యగారూ" అంటారు.

వారిలో ఇద్దరి గురించి చెబుతాను, గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. ఒకామెకు అరవై దాటాయి. చిన్నతనంలో ఆమెను జోగినిగా విడిచారు. బాప్తిస్మం తీసుకొని తొమ్మిదేళ్ళయినా ఒక్కసారి కూడా రొట్టె ముట్టలేదు, గుమ్మం పక్కనే కూర్చుంటుంది. రెండో అతను ఒకప్పుడు మేస్త్రీగా మన పాలమూరు వాళ్ళను పుణెకు పనికి తీసుకుపోయేవాడు. అక్కడ ఒక కూలీ పైనుంచి పడి చనిపోతే, అతని భార్యకు ఇవ్వవలసిన కూలి డబ్బు ఇవ్వలేదు. తనను దేవుడు ఏ జన్మకూ చేర్చుకోడని అతని నమ్మకం.

వచ్చే నెల ఈ విషయం మీదనే వాక్యం చెప్పాలనుకుంటున్నాను. మొదటి కొరింథీయులకు పదకొండో అధ్యాయం చదవకుండా బల్ల జరగదు, అందులోని "అయోగ్యముగా" తినడం, "పరీక్షించుకొనుడి" అన్న మాటలు చదివితేనేమో వాళ్ళు ఇంకా బెదిరిపోతున్నారు. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

యువస్వరం:
అన్నా, దీనికి ఇంత ఆలోచన అవసరం లేదు. మనుషులను దేవుడు తన స్వరూపంలో చేశాడు కాబట్టి అందరూ యోగ్యులేనని గట్టిగా చెప్పండి. పరీక్షించుకొనుడి అనే మాట చదవడం మానేస్తే సరిపోతుంది. భయపెట్టే వచనాలు పక్కన పెట్టి ప్రేమ గురించి మాత్రమే చెప్పినప్పటి నుంచి మా యవ్వనస్థుల కూటంలో ఎవరూ బయటికి వెళ్ళడం లేదు.

దేవరకొండ విశ్రాంత కాపరి:
తమ్ముడు చెప్పినదానిలో సగం నిజముంది, సరికాని సగం ఏదో తర్వాత చెబుతాను. ముందుగా, ఆ వచనం మానేయవద్దు. వాళ్ళకు అది కంఠతా వచ్చు, మీరు చదవకపోయినా వాళ్ళ లోపల అది చదవబడుతూనే ఉంటుంది. మానేయడం కాదు, వెనక్కి వెళ్ళి పదిహేడో వచనం నుంచి చదవండి. మనం అలవాటుగా ఇరవైమూడు నుంచి మొదలుపెట్టి, పౌలు ఎవరిని కోప్పడుతున్నాడో ఆ భాగాన్నే వదిలేస్తున్నాము.

కొరింథులో ఆ భోజనం నిజంగా భోజనమే. ఉన్నవాళ్ళు ముందే తిని తాగి మత్తులో ఉండేవారు, లేనివాళ్ళు ఆకలితో మిగిలిపోయేవారు. ఇరవైరెండో వచనంలో పౌలు అడిగే ప్రశ్న ఏమిటంటే, మీరు పేదలను సిగ్గుపరుస్తారా అని. ముప్పైమూడులో చెప్పిన మందు, ఒకరి కోసం ఒకరు ఆగండి అని. పత్తి ఏరడానికి పోయి ఆలస్యంగా వచ్చిన కూలీ కోసం ఆగకుండా మిగతావాళ్ళు వడ్డించుకుని తినేశారనుకోండి, కొరింథు సంగతి మీ వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. అంటే, ఎదుటివారిని సిగ్గుపడేలా చేసేవారి మీద రాసిన మాటను తీసుకొచ్చి, ఇప్పటికే సిగ్గుతో చచ్చిపోతున్నవారిని బయటికి పంపడానికి వాడుతున్నాము. నేను కూడా పదేళ్ళు అలాగే వాడాను.

ఇక తెలుగులోనే చూడండి. అక్కడ ఉన్నది "అయోగ్యముగా" తినడం, "అయోగ్యుడు" తినడం కాదు. తినే తీరు గురించిన మాట అది, తినే మనిషి విలువ గురించినది కాదు. తర్వాతి వచనం కూడా పరీక్షించుకొని మానేయమనలేదు, పరీక్షించుకొని తినమన్నది.

తమ్ముడు చెప్పినదానిలో సరికాని సగం, "మీరు యోగ్యులే" అనడం. ఆ మేస్త్రీ నమ్మడు, నమ్మకూడదు కూడా. లూకా ఏడో అధ్యాయంలో శతాధిపతి గురించి పెద్దలు "అతడు యోగ్యుడు, మనకు సమాజమందిరం కట్టించాడు" అని సిఫారసు చేస్తారు. అతను మాత్రం నేను పాత్రుణ్ణి కాను అని కబురు పంపుతాడు. యేసు ఆ మాటను ఖండించలేదు, పాత్రుడవేనని బుజ్జగించనూ లేదు. అతని విశ్వాసాన్ని మెచ్చుకున్నాడు, దాసుడు బాగయ్యాడు. పాత్రుణ్ణి కానన్న మాట నిజమై ఉండి కూడా అడ్డం కాలేదు, మీ వాక్యానికి ఇదే ఇరుసు.

ద్రాక్షావల్లి:
మంచి చర్చ. ఇంతకీ మీ సంఘంలో వాడేది పులిసిన రసమా, ఇంట్లో కాచిన ద్రాక్షరసమా? చిన్న గిన్నెలలో ఇస్తారా, ఒకే పాత్రా? ఒకే పాత్ర అయితే దగ్గు, జలుబు ఉన్నవాళ్ళు సంకోచించి బయటికి వెళ్తుంటారు, మా దగ్గర అలాగే జరిగింది.

కల్వకుర్తి పరిచారకుడు:
చిన్న గిన్నెలే అక్కా, కాచిన రసమే. మావాళ్ళు వెళ్ళేది జలుబుకు కాదు.

నల్గొండ కథోలికుడు:
ఒక్క మాట. మా పూజలో సత్ప్రసాదం తీసుకునే ముందు విచారణలోని విశ్వాసులంతా, గురువుతో సహా, ఆ శతాధిపతి మాటనే అందరం కలిసి పైకి చెబుతాము. ఎవరో ఒకరు అనర్హులై మిగతావారు అర్హులైతే ఆ మాట అందరి నోటా ఎందుకు వస్తుంది? మాలో కూడా పాపసంకీర్తనం చేయలేదని ఏళ్ళ తరబడి వెనుక వరుసలో కూర్చుండిపోయేవారు ఉన్నారు, అది వేరే చిక్కు.

గుమ్మం దగ్గరి కూతురు:
ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. మా అమ్మ జోగిని. 1988లో ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది, అప్పటికే అమ్మ జీవితం అయిపోయింది. మా ఊరికి వచ్చిన ఒక ప్రసంగీకుడు అమ్మను ఉద్దేశించి "నీ పాపాలన్నీ క్షమించబడ్డాయమ్మా" అని అందరి ముందు ప్రకటించాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. అమ్మ ఇంటికి వచ్చి అన్నం తినకుండా పడుకుంది. రాత్రి నన్ను అడిగింది: "నేనేం చేసిననని మాఫ్ చేసిండు బిడ్డా? నన్ను ఇడిసిననాడు నాకు తొమ్మిదేండ్లు." ఆ తర్వాత ఆమె మళ్ళీ గుడి మెట్లు ఎక్కలేదు. అన్నా, ఆ అరవై దాటిన అమ్మకు దయచేసి క్షమాపణ ప్రసంగం చేయకండి.

దేవరకొండ విశ్రాంత కాపరి:
అమ్మా, నువ్వు రాసింది నేను నేర్చుకున్న దేవశాస్త్రంలో సరిగా చెప్పలేదు. కానీ మార్కు సువార్తలోనే అది ఉంది. రెండో అధ్యాయంలో పక్షవాయువు గలవాడితో యేసు "కుమారుడా, నీ పాపములు క్షమింపబడియున్నవి" అన్నాడు. ఐదో అధ్యాయంలో పన్నెండేళ్ళు రక్తస్రావంతో ఉన్న స్త్రీతో ఆ మాట అనలేదు. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె ముట్టుకున్నదల్లా మైల, అందుకే ఆమె వెనుకనుంచి వచ్చి వస్త్రం ముట్టుకుంది. ఆయన ఆమెను అందరి ముందు "కుమారీ" అని పిలిచి, నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను అన్నాడు. ఒకరికి కావలసింది క్షమాపణ, ఇంకొకరికి కావలసింది లాక్కోబడిన మర్యాద. పరిచారకుడుగారూ, ఒకే వాక్యంలో ఈ రెండు కథలూ పక్కపక్కన చెప్పండి, ఎవరిది వారు తీసుకుంటారు. వేళ్ళు మాత్రం చూపించవద్దు. నలభై మంది ఉన్న ఊళ్ళో ఉదాహరణ చెప్పినా పేరు చెప్పినట్టే. చేతులెత్తమనకండి, ముందుకు రమ్మనకండి.

పాలెం సంఘపెద్ద:
పెద్దలు మన్నించాలి, నాకు అభ్యంతరం ఉంది. ఆ అమ్మ సంగతి వేరు. మేస్త్రీ విషయంలో మీరందరూ తలుపు బార్లా తెరుస్తున్నారు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి, ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడి రమ్మని ప్రభువే చెప్పాడు. విధవరాలి కూలి డబ్బు ఇంట్లో పెట్టుకుని రొట్టె తింటే, అదే కదా అయోగ్యముగా తినడమంటే? అతను బయటికి వెళ్తున్నాడంటే మనస్సాక్షి ఇంకా బ్రతికి ఉన్నట్టే, దాన్ని జోకొట్టవద్దు.

దేవరకొండ విశ్రాంత కాపరి:
సంఘపెద్దగారి మాట కాదనలేను. సిగ్గు అంతా వట్టిదే అని చెప్పే ప్రసంగం ఆ విధవరాలికి అన్యాయం చేస్తుంది. నేను అడిగేది ఒక్కటే: జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నది యేసు అతని ఇంటికి వచ్చాకనా, రాకముందా? వచ్చాకే. బయట వేపచెట్టు కింద నిలబడి ఎవరూ అప్పు తీర్చరు. అయితే తీర్చకముందే బల్ల ఇవ్వాలా అంటే, నేను ఇచ్చిన రోజులున్నాయి, ఆపిన రోజులూ ఉన్నాయి. రెండింటిలోనూ తప్పు చేశాను.

ఇంకో చిన్న సంగతి, పనికొచ్చేది. వచనం చదివాక "పరీక్షించుకోండి" అని చెప్పి మూడు నిమిషాలు మౌనంగా ఉండకండి. మామూలువాళ్ళకు అది మంచిదే, సిగ్గుపడేవాళ్ళకు ఆ మౌనంలోనే పాత మాటలన్నీ వినిపిస్తాయి, సరిగ్గా అప్పుడే లేచిపోతారు. దానికి బదులు సుంకరి ప్రార్థన, "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నది, అందరితో కలిపి పలికించి వెంటనే రొట్టె విరవండి. పళ్ళెం మనుషుల దగ్గరికి తీసుకుపోండి. వాక్యం పారిందో లేదో "మంచి వాక్యం అయ్యగారూ" అనే మాటను బట్టి తెలియదు, చెప్పులు కదిలాయా లేదా అన్నది చూడండి.

కల్వకుర్తి పరిచారకుడు:
నిన్న బల్ల జరిగింది. పదిహేడో వచనం నుంచి చదివాను. రెండు కథలూ పక్కపక్కన చెప్పాను, కూతురుగారు రాసింది గుర్తుంచుకుని ఆ అమ్మ వైపు చూడలేదు. ఆరుగురు కూర్చున్నారు, మిగిలినవారు ఎప్పటిలాగే వెళ్ళిపోయారు.

ఆ అమ్మ గుమ్మం దగ్గరే ఉంటే పళ్ళెం అక్కడికే తీసుకుపోయాను. చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాపి ముక్క తీసుకుంది, కానీ తినలేదు. కొంగు అంచున పెట్టి ముడి వేసుకుంది. నేను ఏమీ అనలేదు. సరిగ్గా చేశానో లేదో తెలియదు.

పాలెం సంఘపెద్ద:
రొట్టె అలా ఇంటికి తీసుకుపోవడం క్రమం కాదు. మెల్లగా చెప్పి ఉండవలసింది.

గుమ్మం దగ్గరి కూతురు:
పెద్దయ్యా, మా అమ్మ కూడా ఎవరైనా పెళ్ళిలో మంచి లడ్డు ఇస్తే అప్పుడే తినేది కాదు. కొంగున కట్టుకుని, ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని తినేది. అందరిలో తింటే ఎవరైనా ఏదైనా అంటారని.

కల్వకుర్తి పరిచారకుడు:
మేస్త్రీ నిన్న కూడా బయటికే వెళ్ళాడు. రాత్రి తొమ్మిదింటికి మా ఇంటికి వచ్చి, పాత నోటుపుస్తకం ఒకటి తెచ్చి చూపించాడు. చనిపోయిన కూలీ పేరున పద్దెనిమిది వేలు బాకీ అని అతని చేతిరాతలోనే ఉంది. ఇన్నేళ్ళూ ఆ కాగితం చింపలేదు. ఆమె ఇప్పుడు అచ్చంపేట దగ్గర కూతురింట్లో ఉందట. ఆరు వేలు జమ చేశాడు, మిగతాది పత్తి అమ్మాక ఇస్తానంటున్నాడు, ఒక్కడే పోవడానికి మాత్రం కాళ్ళు రావడం లేదన్నాడు. బుధవారం మొదటి బస్సుకు ఇద్దరం వెళ్తున్నాము. ఆమె తలుపు తీస్తుందో తీయదో.