శౌరి, చిన్నప్ప, రాయప్ప: ఈ పేర్లు ఎక్కడివి?

పల్నాటి కోడలు: మా మామగారి పేరు బాలశౌరి. గుడిలోని పాత జ్ఞానస్నానాల పుస్తకంలో మాత్రం లాటిన్‌లో ‘ఫ్రాన్సిస్కుస్ జావేరియుస్’ అని ఉంది. ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టినరోజు అన్నీ సరిపోయాయి. ఇద్దరూ ఒకరేనని కాగితం రాయించేసరికి చాలా టెన్షన్ పడ్డాం. శౌరికీ ఆ పేరుకీ సంబంధమేమిటి?

తెనాలి పద్యాభిమాని: శౌరి సంస్కృతమండీ. శూరుడి వంశంవాడు, కృష్ణుడు. మతం మారినా పాత పేరు ఉంచుకుని ఉంటారు.

ఫిరంగిపురం మాస్టారు: పదానికి మీరు చెప్పిన అర్థం నిజమే. కానీ క్యాథలిక్కుల ఇళ్లలో శౌరి అంటే ఫ్రాన్సిస్ జేవియర్. 18వ శతాబ్దంలో మన వైపు వచ్చిన కర్ణాటక మిషన్ జెస్యూట్ గురువులకు తమిళ క్రైస్తవుల పేర్లు అప్పటికే అలవాటు. అక్కడ జేవియర్ ‘సవరియార్’, ఇక్కడ శౌరి, శౌరయ్య, శౌరిరెడ్డి. ఇగ్నేషియస్ అక్కడ ఇన్నాసి, ఇక్కడ ఇన్నయ్య, ఇన్నారెడ్డి.

కొన్ని పేర్లకు అర్థాన్నే తీసుకున్నారు. లాటిన్‌లో పౌలుస్ అంటే చిన్నవాడు, అందుకే పౌలు చిన్నప్ప అయ్యాడు. పేతురు పేరుకు గ్రీకులో అర్థం రాయి, కాబట్టి రాయప్ప. తమిళంలో అరుళ్ అంటే కృప. యోహాను పేరులోనూ దేవుడి కృపే ఉంది, అందుకని అరుళప్ప.

లూథరన్ మనవడు: మా ఇంట్లో అందరూ యోహాను, పౌలు, సువార్తమ్మ. చిన్నప్ప ఒక్కరూ లేరు! మా బాబుకి వచ్చే నెల బాప్తిస్మం. ఇంటిపేరు కూడా మార్చాలా?

ఫిరంగిపురం మాస్టారు: అక్కర్లేదు బాబూ. మారేది సొంత పేరే. హైదరాబాదు ఆర్చ్‌బిషప్‌లుగా చేసిన సామినేని అరుళప్ప, మారంపూడి జోజి గార్ల పేర్లే చూడు. ఇంటిపేరు ముందు, పునీతుడి పేరు తర్వాత. జోజి అంటే జోసెఫ్. మా ఇళ్లలో ఇప్పటికీ ఒకే ఇంటిపేరు వాళ్లకి పెళ్లి చెయ్యం. ఇంటిపేరు వదిలేస్తే సంబంధం ఎలా చూస్తాం? మీవాళ్లు తెలుగు బైబిల్లోని రూపాలే పెట్టుకున్నారు, అందుకే చిన్నప్ప లేడు.

అనంతపురం అప్ప: మా తాత చిన్నప్ప. మేం హిందువులం. చిన్న, అప్ప, అంతే!

ఫిరంగిపురం మాస్టారు: నిజమే, ఒక్క పేరు చూసి చెప్పలేం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పేర్లు చూడాలి. చిన్నప్ప పక్కన రాయప్ప, ఇన్నయ్య, మరియమ్మ ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

తెనాలి పద్యాభిమాని: ఒప్పుకున్నా. కానీ సవరి నోట్లో నలిగి శౌరి అయిందా, భాగవతం తెలిసినవాళ్లెవరో కావాలనే ఆ రూపం ఎంచుకున్నారా?

ఫిరంగిపురం మాస్టారు: రెండూ కుదురుతాయి. నేను మొదటిదే అనుకుంటున్నా, రుజువు మాత్రం చూపించలేను.

పల్నాటి కోడలు: మరి మామగారి పేరులో ‘బాల’? మా ఊళ్లో బాలయేసు అని పిలుచుకుంటాం. అదేనా?