ఒకటా, ఏడా: ఫోన్‌లో ఏమని అడగాలి?

దేవరకొండ నుంచి, డేటా ఎంట్రీ చేసే సభ్యురాలు

అందరికీ నమస్కారం. చేత్తో రాసిన రైతుల దరఖాస్తులు కంప్యూటర్‌లో ఎక్కించడం నా పని. భూమి విస్తీర్ణం గడిలో అది ఒకటో ఏడో తేలనప్పుడు రైతుకు ఫోన్ చేస్తాను. "ఏడేనా పెద్దాయనా?" అంటే "ఆ" అంటారు. "ఒకటి కాదు కదా?" అంటే దానికీ "ఆ" అంటారు. ఆ "ఆ" అంటే అవుననో, వింటున్నాననో, మళ్లీ చెప్పమనో అర్థం కాదు. పైనుంచి రోజుకు ఇన్ని ఫారాలు అయిపోవాలని టెన్షన్. ఏ మాటతో అడిగితే తిరుగులేని జవాబు వస్తుందో భాష తెలిసినవాళ్లు చెప్పండి.

ఇవాళ్టి కాగితంలో మూడు బిట్ల భూమి ఉంది, ఎకరాలు-గుంటల్లో రాశారు. మొదటిది 1-11 కావచ్చు, 1-17 కావచ్చు. రెండోది 0-23, మూడోది 2-20. మొత్తం అని రాసిన చోట 3-60 ఉంది, అది ఎట్లాగూ తప్పే.

మిర్యాలగూడ నుంచి

ఏడుకు నడుమ అడ్డగీత గీయడం అలవాటు చేసుకుంటే అయిపోతుంది. మా ల్యాబ్‌లో అందరం అట్లాగే రాస్తాం, ఎప్పుడూ గొడవ రాలేదు.

దేవరకొండ సభ్యురాలు

అన్నా, రాసేది నేను కాదు కదా. కాగితం నా దగ్గరికి రాసే వస్తుంది.

నల్లగొండ నుంచి, రిటైరైన సర్వేయరు

అడ్డగీత సంగతి సగం నిజం. గీత ఉంటే అది ఏడే. గీత లేకపోతే ఒకటి అని మాత్రం అనుకోకూడదు, మన దగ్గర ఎక్కువమంది ఏడుకు గీత పెట్టరు. రాసినాయన చెయ్యి ఎట్లా తిరుగుతుందో అదే కాగితంలో వెతకాలమ్మా. అడ్రసులో పిన్‌కోడ్ ఉందా? నల్లగొండది 508001. ఆఖరి అంకె ఒకటి తప్ప ఇంకోటి కాదు. ఫోన్ నంబరు మొదటి అంకె ఒకటో ఏడో అన్నట్టుంటే అది ఏడే, మన దేశంలో మొబైల్ నంబరు ఒకటితో మొదలుకాదు. ఆ రెండూ చూస్తే ఆయన ఒకటికి పైన ముక్కు పెడతాడా, నిలువు గీత గీస్తాడా, ఏడు తలకట్టు ఎంత పొడుగు లాగుతాడు, అన్నీ తెలిసిపోతాయి.

ఇక ఆ మొత్తం. అది తప్పు అని పక్కన పెట్టొద్దు, నీకు సాక్ష్యం అదే. ఎకరానికి 40 గుంటలు కాబట్టి గుంటల గడిలో 39 దాటి ఉండకూడదు, నిజమే. ఆయన ఎకరాలు విడిగా, గుంటలు విడిగా కూడి అట్లాగే వదిలేశాడు. 3 ఎకరాల 60 గుంటలంటే 4 ఎకరాల 20 గుంటలు. ఇప్పుడు వెనక్కి లెక్క కట్టు. 60లో 23, 20 తీసేస్తే 17 మిగులుతాయి. మొదటి బిట్టు 1-11 అయితే గుంటల మొత్తం 54 రావాలి. 60 అని స్పష్టంగా ఉంటే ఆయన మనసులో ఉన్నది 17. ఎకరాల వైపు కూడా చూడు: అక్కడున్న ఒకటి ఏడైతే మొత్తం 9 కావాలి, 3 కాదు.

దేవరకొండ సభ్యురాలు

60 స్పష్టంగానే ఉంది సార్. ఇది నాకు తట్టనే లేదు. అయితే ఫోన్ అక్కర్లేదా?

సర్వేయరు

చేయాలి. ఆయన ఏం రాయాలనుకున్నాడో కూడిక చెప్తుంది, భూమి ఎంత ఉందో చెప్పదు. పాస్‌బుక్ జిరాక్స్ పెట్టలేదా?

దేవరకొండ సభ్యురాలు

కౌలు భూమి సార్. పాస్‌బుక్ పట్టాదారు దగ్గరుంది, ఆయన హైదరాబాద్‌లో ఉంటాడట.

వనపర్తి నుంచి, తెలుగు టీచరు

చెల్లీ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. "ఏడేనా", "కాదు కదా" అనే ప్రశ్నలకు మన పెద్దవాళ్లు మర్యాదకు కూడా "ఆ" అంటారు. ఎదుటివాళ్లు చదువుకున్నవాళ్లు, వాళ్ల మాట కాదనడం ఎందుకని. అంకె మీ నోట రాకూడదు. "మొదటి బిట్టు ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు?" అని అడిగి ఊరుకోండి. "ఎన్ని" అంటే "ఆ" అనడం కుదరదు, సంఖ్య చెప్పాల్సిందే.

గద్వాల నుంచి

మా నాన్న దరఖాస్తులో ఫోన్ నంబరులో ఏడును ఒకటి అని కొట్టారు. మెసేజ్‌లన్నీ ఎవరికో పోయాయి. నెలల తరబడి తిరిగాం. దీనికి ఎక్కడ ఫిర్యాదు చేయాలో చెప్పండి. ఆధార్ నంబరు మాత్రం సరిగ్గానే ఉంది, ఫోన్ ఒక్కటే ఎందుకు తప్పు పోయింది?

మహబూబ్‌నగర్ నుంచి

ఫిర్యాదు సంగతి ఇక్కడ తేలదన్నా, దరఖాస్తు ఇచ్చిన చోటే అడగాలి. మీరు అడిగిన రెండో మాట మాత్రం చెప్తాను. ఆధార్‌లోని 12 అంకెల్లో చివరిది ముందున్న 11 అంకెల నుంచి లెక్కకట్టి పెట్టింది. ఒక్క అంకె మారినా లెక్క కుదరదు, ఆ తనిఖీ పెట్టిన సాఫ్ట్‌వేర్ వెంటనే తప్పని చెప్తుంది. ఫోన్ నంబరుకు అట్లాంటి కాపలా లేదు. ఏడు బదులు ఒకటి కొడితే అది కూడా ఇంకొకరి నంబరే కావచ్చు. గుంటలకూ కాపలా లేదు, 11 అయినా 17 అయినా కంప్యూటర్ మారుమాట్లాడకుండా తీసుకుంటుంది.

మిర్యాలగూడ నుంచి

ఇద్దరితో విడివిడిగా ఎంట్రీ చేయించి పోల్చి చూస్తే పోతుంది కదా?

మహబూబ్‌నగర్ నుంచి

చెయ్యి జారి కొట్టిన తప్పులు దొరుకుతాయి. కానీ ఆ గీతే ఏడులా ఉంటే ఇద్దరూ ఏడనే కొడతారు, పోల్చినా తేడా కనిపించదు.

దేవరకొండ సభ్యురాలు

ఫోన్ చేశాను. అక్క చెప్పినట్టే "ఎన్ని" అని అడిగాను. "ఎకరమ్మీద పదిహే..." దాకా వినబడింది, వెనక ట్రాక్టర్ చప్పుడు. పదిహేనో, పదిహేడో!

తెలుగు టీచరు

పదిహేను, పదిహేడు ఫోన్‌లో ఎప్పుడూ చిక్కే, ఒక్క అక్షరమే తేడా. ఇంకోసారి చేసి "ఇరవైకి ఎన్ని తక్కువ?" అని అడగండి. పదిహేడైతే మూడు తక్కువ, పదిహేనైతే ఐదు తక్కువ. ఈ లెక్క పెద్దవాళ్లకు నోటి మీదే ఉంటుంది. అంకెలు విడదీసి "ఒకటి, ఏడు" అని చెప్పమంటే మాత్రం చిరాకు పడతారు.

సర్వేయరు

మంచి ప్రశ్న, తప్పకుండా అడుగు. కానీ ఇక్కడ సగం ముందే తేలిపోయింది. కాగితం మీద అనుమానం 11కీ 17కీ మధ్య. చెవికి వచ్చిన అనుమానం 15కీ 17కీ మధ్య. రెండింట్లోనూ ఉన్నది 17 ఒక్కటే. కాగితం మీదున్న ఆ అంకె ఐదులా కనబడదు, పదకొండు "పదిహే" అని వినబడదు. కంటికి వచ్చే పొరపాటు ఒకటి, చెవికి వచ్చేది ఇంకొకటి, అందుకే రెండూ చూడమనేది.

మిర్యాలగూడ నుంచి

అయితే కాగితం మీదే ఆ ఒకటిని దిద్ది ఏడు చేసేస్తే, తర్వాతివాళ్లకు కూడా స్పష్టంగా ఉంటుంది.

సర్వేయరు

వద్దు బాబూ. దిద్దితే ముందు ఏముందో ఎవరికీ తెలియకుండా పోతుంది. పక్కన మార్జిన్‌లో "పదిహేడు గుంటలు" అని అక్షరాల్లో రాసి, ఎవరిని అడిగారో, ఏ తేదీన అడిగారో రాసి, సంతకం పెడితే చాలు.

దేవరకొండ సభ్యురాలు

మళ్లీ చేశాను. "మూడు తక్కువ బిడ్డా" అన్నాడు. 1-17 ఎక్కించి, మార్జిన్‌లో రాశాను.

ఇంకో కాగితం ఉంది. దాంట్లో సర్వే నంబరులోనే అనుమానం: 211/అ లేదా 217/అ. కూడడానికి ఏమీ లేదు, ఫోన్ స్విచ్ఛాఫ్ వస్తోంది. ఖాళీ వదిలితే ఫారం ముందుకు పోదు. మా పైఆయన దగ్గరగా కనిపించేది కొట్టేయమంటున్నాడు.

మహబూబ్‌నగర్ నుంచి

కొట్టొద్దు. ఆ రెండు నంబర్లూ ఊళ్లో నిజంగా ఉండొచ్చు, ఇంకొకరి భూమి మీద పడుతుంది. పెండింగ్‌లో పెట్టండి.

గద్వాల నుంచి

పెండింగ్ అంటే ఆ రైతుకు ఈ విడతలో డబ్బు రాదు. అది మాకు తెలుసు.

సర్వేయరు

ఇద్దరూ చెప్పేది నిజమే. మండల ఆఫీసులో ఆ ఊరి పహాణీలో రెండు నంబర్లూ చూసి, ఈయన పేరు దేనికి ఉందో అడగొచ్చు. అది కూడా కౌలైతే పేరు దొరకదు. సొంత భూమేనా అది?

దేవరకొండ సభ్యురాలు

ఆ గడి నింపలేదు సార్.