అప్‌డేట్: లాడ్జి సైట్ ఆలస్యం గురించి ఓనర్‌కు ముందే చెప్పేశాను

నా ప్రశ్న: "తిరుపతిలో ఒక లాడ్జికి బుకింగ్ సైట్ చేస్తున్నా. బ్రహ్మోత్సవాల లోపు ఇవ్వాలి. పేమెంట్ గేట్‌వే అప్రూవల్ రాలేదు. ఇప్పుడే చెప్పాలా, ఆగాలా?"

సలహా ఇచ్చినవాళ్లకు థ్యాంక్స్. "గడువు దాటకముందే, ప్రత్యామ్నాయంతో ఫోన్ చెయ్" అన్న మాటే పనిచేసింది. రూమ్ బుకింగ్ అనుకున్న తేదీకే ఇస్తానని, ఆన్‌లైన్ పేమెంట్ మాత్రం అప్రూవల్ వచ్చాక రెండు రోజులు టెస్ట్ చేసి పెడతానని చెప్పాను. అప్పటిదాకా అడ్వాన్స్ లాడ్జి క్యూఆర్ కోడ్‌కే. రిసెప్షన్‌లో ఆ పేమెంట్ యూటీఆర్ నంబర్‌ను బ్యాంకు ఖాతాతో సరిచూసి రూమ్ కన్ఫర్మ్ చేస్తారు. స్క్రీన్‌షాట్ నమ్మకూడదు, నకిలీవి వస్తాయి.

ఆయన అడిగింది ఒక్కటే: "రద్దీలో ఒకే రూమ్ ఇద్దరికి పోదు కదా నాయనా?" అందుకే ఒకరు బుక్ చేయగానే ఆ రూమ్ ఇంకొకరికి దొరక్కుండా హోల్డ్‌లో ఉండేలా, డబ్బు రాకపోతే అరగంటకు ఆ హోల్డ్ పోయేలా పెట్టాను. ఆలస్యానికి డిస్కౌంట్ ఇమ్మనే ప్రస్తావనే రాలేదు. అప్రూవల్ తర్వాత వచ్చింది, ఇప్పుడు అంతా ఆన్‌లైన్‌లోనే నడుస్తోంది.