అప్‌డేట్: ముందు పియానోతో ట్యూన్, తర్వాతే సౌండ్స్

నా పాత ప్రశ్న: "సౌండ్స్ వెతకడంలోనే రాత్రంతా అయిపోతోంది, ట్యూన్ ఎనిమిది బార్లు దాటట్లేదు, ఏం చేయాలి?"

మీరు చెప్పినట్టే LMMS అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో రెండే ట్రాకులు పెట్టా, ఒకటి కార్డ్స్‌కి ఒకటి మెలొడీకి, రెండిటికీ అదే మామూలు పియానో. మారతహళ్ళి పీజీలో రూమ్మేట్ నిద్రపోయాక హెడ్‌ఫోన్స్‌లో కూర్చుని ఎ మైనర్, ఎఫ్, సి, జి కార్డ్స్ పియానో రోల్‌లో గీసి మీద మెలొడీ వేస్తే రెండు రాత్రుల్లో 32 బార్లు వచ్చేశాయి!

అసలు తంటా సౌండ్ మార్చినప్పుడు వచ్చింది. కార్డ్స్‌కి మెత్తటి ప్యాడ్ పెట్టగానే పాటంతా వెనకబడినట్టు అయిపోయింది, నోట్స్ మాత్రం గ్రిడ్ మీద కరెక్ట్‌గానే ఉన్నాయి. చూస్తే ప్యాడ్ అటాక్ 400 మిల్లీసెకన్లు, నా టెంపో నిమిషానికి 90 బీట్లు, అంటే ఒక బీట్ దాదాపు 667 మిల్లీసెకన్లు, సగం బీట్ పోయాక గానీ సౌండ్ పూర్తిగా పైకి రావట్లేదు. అటాక్ 80కి తగ్గించా, సర్దుకుంది. మెలొడీకి మాత్రం ప్యాడ్ వద్దనుకున్నా, చిన్న నోట్స్ పైకి లేచేలోపే అయిపోతున్నాయి.

ఇంకోటి, కింద ఆక్టేవ్‌లో ఎ, సి పక్కపక్కనే ఉంటే పియానోలో ఓకే, ప్యాడ్‌లో ఒకటే గుయ్‌మని మోత. సి ఒక్కటీ ఆక్టేవ్ పైకి జరిపా, ఎఫ్ కార్డ్‌లో ఎ కూడా అంతే, క్లియర్ అయింది.

మార్చేముందు పియానో వెర్షన్ వేరే పేరుతో సేవ్ చేసుకున్నా, డౌట్ వస్తే అదే వింటున్నా. బేస్ ఇంకా మొదలెట్టలేదు.