వారం టోటల్ 50.65 వచ్చింది, పేరోల్‌కి పంపొచ్చా?

కొత్త గుమాస్తా: స్పిన్నింగ్ మిల్లు టైమ్ ఆఫీసులో చేరి రెండు నెలలైంది. వారం హాజరు షీట్‌లో ఒకాయనకి సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ 8.30, శనివారం 9.15. టోటల్ 50.65. మా దగ్గర 48 దాటితే ఓటీ కాబట్టి 2.65 గంటలు కట్టారు. ఆయనేమో "మూడు గంటల పైనే చేశాను" అంటున్నాడు. కూడిక రెండుసార్లు చూశాను, సరిగానే ఉంది.

ఎక్సెల్ బాబాయ్: ఫార్మాట్ సమస్య. hh:mm ఉంటే 24 దాటగానే మళ్ళీ సున్నా నుంచి చూపిస్తుంది. [h]:mm పెట్టు, అయిపోతుంది.

పాత టైమ్‌కీపర్: బాబాయ్, అలాగైతే 51:45 ఉండాల్సిన చోట 03:45 కనిపించేది. ఇక్కడ సంగతి వేరు. 50 గంటల 65 నిమిషాలు ఎక్కడైనా ఉంటాయా? రోజువారీ గడుల్లో చుక్క తర్వాతవి నిమిషాలు. ఎక్సెల్ వాటిని గంటలో నూరో వంతులనుకుని కూడేసింది. అయిదు రోజులు ఎనిమిదిన్నర చొప్పున 42 గంటల 30 నిమిషాలు, శనివారం 9 గంటల 15 నిమిషాలు, మొత్తం 51 గంటల 45 నిమిషాలు. ఓటీ మూడుముప్పావు. పాపం, గంటా ఆరు నిమిషాలు పోయేవి. ముందు మార్చి, తర్వాత కూడు:

```
=INT(B2)+(B2-INT(B2))*100/60
```

అన్ని గడులకీ గుడ్డిగా వేయకు. చుక్క తర్వాత 59 దాటిన అంకె ఉందేమో వెతుకు. ఉంటే అది నిమిషాలు కాదు.

రాత్రి డ్యూటీ: మా గొడవ ఇంకోటి. రాత్రి పదికి వచ్చి పొద్దున ఆరుకి దిగితే, ఆ ఆరింటి పంచ్ మర్నాటి 'ఇన్' కింద పడుతోంది. రెండు రోజులూ ఆబ్సెంటే! ఎవరికి చెప్పాలి?

పాత టైమ్‌కీపర్: అది మెషిన్‌లో షిఫ్ట్ సెట్టింగ్ తమ్ముడూ, కూడికది కాదు. పంచ్‌ల ప్రింట్ పట్టుకుని మీ టైమ్ ఆఫీసుకి వెళ్ళు.

కొత్త గుమాస్తా: సూత్రం వేశాను సార్, 51.75 వచ్చింది. మీరన్నట్టు వెతికితే ఇంకొకావిడ వరుసలో ఒక రోజు 7.75 దొరికింది. సూత్రం దాన్ని 8.25 చేసేసింది. ఆమెని అడిగితే చేసింది 7 గంటల 45 నిమిషాలేనంది. ఆ రోజు మెషిన్ పనిచేయక గేటు రిజిస్టర్ చూసి సూపర్‌వైజర్ చేత్తో ఎక్కించారట.

ఎక్సెల్ బాబాయ్: ఆ గడి ఒక్కటీ అలాగే వదిలెయ్.

పాత టైమ్‌కీపర్: వదిలితే ఆ ఒక్కటి సరిపోతుంది. కానీ ఆ సూపర్‌వైజర్ అదే రోజు ఇంకొకరికి 8.50 రాసి ఉంటే? ఎనిమిదిన్నరో, ఎనిమిది గంటల యాభై నిమిషాలో షీట్ చూసి నేనూ చెప్పలేను. ఆ రోజు గేటు రిజిస్టర్ దొరుకుతుందా?

కొత్త గుమాస్తా: సెక్యూరిటీ వాళ్ళ దగ్గరుందట. పేరోల్‌కి సాయంత్రం అయిదింటికి పంపాలి. వెళ్తున్నా.