సమస్య: ఆగి యాగిన వానికే యగును గెలుపు

నిర్వాహకులు: పై పాదాన్ని పూరించండి. సందర్భం సాహిత్య సభలో 20 నిమిషాల ప్రసంగానికి ఇంటి దగ్గర చేసే సాధన.

పాలమూరు పైరగాలి:
సభను నవ్వులు చప్పట్లు సద్దుమణుగ
వక్త యొక క్షణ మటు నిల్వ వలయు సుమ్ము
పరుగు పెట్టిన మాటలు పట్టుపడవు
ఆగి యాగిన వానికే యగును గెలుపు

గోదారిగట్టు: ‘యొక క్షణ’లో ‘క’ గురువై గణం చెడింది. పోయిన వారం ‘ఒక ప్రశ్న’ దగ్గరా ఇదే జరిగింది, అప్పుడూ చెప్పాను. నా పూరణ:
ఐదు, తొమ్మిది, పదునాలు గనుచు గురుతు
పెట్టి యంచున నచ్చోట వేళఁ జూచి
మించెనే నొక్క కథఁ దీయ మేలు కలుగు
ఆగి యాగిన వానికే యగును గెలుపు

పైరగాలి: అవి విడి పదాలండీ, ‘క’ లఘువే. పోయిన వారమూ ఇదే జవాబిచ్చాను. మీ అంకెలు ఐదు, నాలుగు, ఐదుగా పెరిగాయి. భాగానికి ఐదేసి నిమిషాలని రాసుకుంటే సరిపోదా?

గోదారిగట్టు: సరిపోదు. భాగాల నిడివి రాసుకుంటే వేదిక మీద కూడికలు చేసుకోవాలి. అందుకే ఆ భాగం ముగిసేసరికి గడియారంలో ఎంత ఉండాలో ఆ సమయాన్నే ప్రసంగ ప్రతి అంచున ఎర్రసిరాతో వేసుకోవాలి. నిలబడి, గొంతెత్తి మూడుసార్లు చదివి, ప్రతి గుర్తు పక్కనా నిజంగా పట్టిన సమయం రాయండి. మూడుసార్లూ 5 దగ్గర సరిగ్గా ఉండి, 9 దగ్గర 10:20 వచ్చిందనుకోండి. తప్పు ఆ మధ్య భాగానిదే. అక్కడ మూడు పద్యాలుంటాయి, మనసులో చదివినప్పుడు చిన్నవే, రాగం తీస్తే సాగుతాయి. ఒకటి ఇంట్లోనే తీసేయాలి. సభలో ఆలస్యమైతే వదిలేయాల్సిన కథకు ముందే గీత గీసి ఉంచాలి. వేగం పెంచితే మాట నలుగుతుంది.

కందపద్యం: ‘కథఁ దీయ’ అన్న మలుపు ఎంతో బాగుంది! అందరూ ‘ఆగడం’ అంటే మౌనం అనుకున్నారు, మీరు గడియారం చూడటానికి ఆగారు. కానీ పైరగాలి గారి మొదటి పాదం మీకూ పనికొస్తుంది. ఇంట్లో చప్పట్లు ఉండవు. వాటికి చోటు వదిలారా?

గోదారిగట్టు: వదిలాను. చివరి గుర్తు 18 దగ్గర, పద్యంలో పట్టలేదు. మిగతా రెండు నిమిషాలు వాటికే. ఆ మాట పైరగాలి గారు ముందే పట్టుకున్నారు, ఒప్పుకుంటున్నాను.

తెరవెనుక: మా నాటికకు గంట పరిమితి. పాత్రధారులు అంచు చూడలేరు కదా, గుర్తులు ఎక్కడ పెట్టాలి?

కందపద్యం: ప్రాంప్టర్ ప్రతిలో పెట్టండి. పాత్ర ప్రవేశాలే గుర్తులు, వాటి పక్కన నిమిషాలు.

తెరవెనుక: ఆలస్యమైందని నటుడికి చెప్పేదెలా? సంభాషణ మధ్యలో కోత పెడితే ఎదుటివాడు తడబడతాడు.

గోదారిగట్టు: సాధనలోనే కోతతో ఒకసారి, కోత లేకుండా ఒకసారి ఆడించాలి. సైగ ఎవరు చేయాలన్నది మాత్రం నాకూ తేలలేదు.

పైరగాలి: ‘ఒక క్షణ’ సంగతి తేలిందా మరి?